కస్టడీ సరే, రెండో శనివారం సంగతి ఏం రాశారు?

మా పిన్ని కూతురు తన విడాకుల కాగితాల డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపి, "అక్కా, సంతకం పెట్టేముందు ఒకసారి చూసి పెట్టవా" అంది. పరస్పర అంగీకారంతో తీసుకుంటున్న విడాకులు. నేను కొన్నేళ్లు ఒక అడ్వొకేటు దగ్గర జూనియర్‌గా ఫ్యామిలీ కోర్టు పనులు చూశాను కాబట్టి మా ఇళ్లలో ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి.

డ్రాఫ్టు బాగానే ఉంది. బంగారం ఎవరు ఎంత తిరిగివ్వాలో గ్రాములతో సహా ఉంది. సారె సామాన్ల జాబితాలో మిక్సీ కంపెనీ పేరు కూడా రాశారు. ఏడేళ్ల పిల్లాడి గురించి మాత్రం రెండే వాక్యాలు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే: మైనరు కుమారుడి కస్టడీ తల్లికి ఉంటుంది. తండ్రి ముందుగా తెలియజేసి, ఇద్దరికీ వీలైన సమయాల్లో కుమారుణ్ణి చూడవచ్చు.

"కస్టడీ నాకే కదా, ఇంకేం కావాలి?" అని తనకు ధీమా. అవతలి వైపు "చూడనివ్వరని ఎవరన్నారు, రాశాం కదా" అని ధీమా. ఈ రెండు ధీమాలూ ఆరు నెలలు దాటి నిలబడగా నేను చూడలేదు. కస్టడీ ఎవరికన్న దాని మీద మనవాళ్లు పెట్టే శక్తిలో సగం, విజిటేషన్, అంటే రెండోవారు బిడ్డను కలిసే ఏర్పాటు, ఎలా జరగాలో రాసుకోవడం మీద పెడితే ఫ్యామిలీ కోర్టుల్లో చాలా కేసులు పుట్టనే పుట్టవన్నది నా అభిప్రాయం. దాన్ని కాస్త వివరంగా చెప్తాను.

కోర్టు ఏం చూస్తుంది

ముందు ఒక అపోహ సంగతి. పిల్లాడి పెదనాన్న ఒకాయన పెద్దమనుషుల మధ్య కూర్చుని, "అయిదేళ్లు దాటితే మగపిల్లాడు తండ్రికే చెందుతాడు, చట్టం అదే, మేం మంచితనంతో వదులుకుంటున్నాం" అన్నారట. ఇలా చాలామంది అనుకుంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉన్నది వేరు. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని మాత్రమే అందులో ఉంది. నిండాక తండ్రికి అప్పజెప్పాలని ఎక్కడా లేదు. సహజ సంరక్షకుల వరుసలో తండ్రి పేరు ముందుంటుంది, నిజమే. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు దాన్ని కూడా తండ్రి బతికుండగా తల్లికి హక్కు లేదన్న అర్థంలో చదవకూడదని తేల్చింది. పైగా సంరక్షకుడు ఎవరన్నది ఒక ప్రశ్న, బిడ్డ రోజూ ఎవరింట్లో పెరగాలన్నది మరో ప్రశ్న. రెండో దానికి అదే చట్టంలోని 13వ సెక్షన్ ఒకటే కొలత పెట్టింది, మైనరు సంక్షేమం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాలవారికీ పనిచేస్తుంది. దాని 17వ సెక్షన్‌లో బిడ్డ వయసు, ఆడా మగా, మతం, అడుగుతున్నవారి నడవడి, వారి శక్తి, కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టం చూడాలని ఉంటుంది.

ఇవి పుస్తకంలో మాటలు. కోర్టులో నేను గమనించినంతలో జడ్జిగారు అడిగేవి ఇంతకంటే మామూలు ప్రశ్నలు. పొద్దున్నే స్కూలుకి ఎవరు తయారుచేస్తారు? జ్వరం వస్తే ఎవరు సెలవు పెట్టారు? ఇప్పుడు ఏ స్కూలు, మారిస్తే ఏమవుతుంది? ఉద్యోగానికి వెళ్లాక ఇంట్లో ఎవరుంటారు? అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్లు విడిపోతారా? ఇంట్లో తాగుడు, కొట్టడం ఉన్నాయా? జీతం ఎక్కువున్నవారికి బిడ్డను ఇచ్చేయరు. తక్కువ జీతం ఉన్నవారి దగ్గర బిడ్డ ఉంటే రెండోవాళ్లు ఖర్చు ఇవ్వాలని చెప్తారు, అంతే. భార్యాభర్తలుగా ఒకరికొకరు చేసుకున్న అన్యాయాల చిట్టా కూడా, బిడ్డ మీద దాని ప్రభావం లేనంతవరకు, మన లాయర్లు అనుకునేంత బరువు తూగదు.

ఈ మధ్య తీర్పుల్లో ఇంకో ప్రశ్నకు బరువు పెరిగింది. బిడ్డ మీ దగ్గరుంటే రెండోవాళ్లతో బంధం బతకనిస్తారా? 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులో పాప రెండేళ్లు నిండకముందు నుంచి తండ్రి దగ్గరే పెరిగింది. కేసు పైకి వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటాయి. తండ్రి బాగా చూసుకున్నాడు, పాపకు అక్కడే అలవాటు. ఇప్పుడు కదిలించడం దేనికన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. తల్లితో గడిపే అవకాశమే లేకుండా పెరిగిన బిడ్డ నాన్నే కావాలంటే దాన్ని పూర్తిగా తన ఎంపిక అనుకోలేమంది. ఒకరి మీద బిడ్డ మనసు విరిచేయడం అనే సమస్య గురించి కూడా మాట్లాడి, పాపను తల్లికి అప్పగించి తండ్రికి విజిటేషన్ ఇచ్చింది.

మా చెల్లికి ఈ కేసు చెప్పడానికి కారణం ఉంది. కస్టడీ ఉన్నవాళ్లు విజిటేషన్‌ని అవతలివాళ్లకు పడేసే భిక్షలా చూస్తే, రేపు అదే వాళ్ల కస్టడీకి ఎసరు పెట్టొచ్చు. పిల్లల విషయంలో ఏ ఉత్తర్వూ శాశ్వతం కాదు. పరిస్థితి మారితే మార్చుకోవచ్చని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టు తుది ఉత్తర్వు, అంటే డిక్రీ, వచ్చాక కూడా పిటిషన్ వేయొచ్చు.

"వీలైన సమయాల్లో" అంటే ఎప్పుడు?

ఇక ఆ రెండో వాక్యం దగ్గరికి వద్దాం. తండ్రి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లి గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచరు, పుట్టింట్లో ఉంటోంది. ఆయన తల్లిదండ్రులది తెనాలి. ఈ డ్రాఫ్టు ఇలాగే డిక్రీ అయిందనుకోండి. ఆయన శుక్రవారం రాత్రి మెసేజ్ పెడతాడు, రేపు వస్తున్నానని. ఈమె పరీక్షలున్నాయంటుంది. నిజంగానే ఉండొచ్చు. వచ్చే వారం అంటే ఆయనకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటుంది. ఆ పై వారం పిల్లాడి మేనమామ పెళ్లిచూపులు. మూడు నెలలయ్యేసరికి ఆయన దృష్టిలో ఆమె బిడ్డను దాచేసింది, ఆమె దృష్టిలో ఆయనకు బిడ్డ మీద ధ్యాసే లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆయన కోర్టుకెళ్లి డిక్రీ అమలు చేయించమని ఈ.పీ., అంటే అమలు పిటిషన్, వేస్తాడు. అప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. జడ్జిగారు దేన్ని అమలు చేయాలి? ఇద్దరికీ వీలైన సమయం అని రాసుంటే, ఆమెకు వీలు కాలేదంటే ఉల్లంఘన ఎక్కడుంది? రెండో శనివారం పొద్దున పది గంటలకు అని ఉంటే ఇవ్వలేదని ఒక్క ముక్కలో చెప్పొచ్చు, ఎందుకివ్వలేదో ఆమె జవాబు చెప్పాలి. మాటలు మెత్తగా ఉన్న ఉత్తర్వు చదవడానికి మర్యాదగా ఉంటుంది కానీ దాన్ని ఎవరూ అమలు చేయించలేరు. మళ్లీ కొత్తగా ఐ.ఏ. అనే మధ్యంతర దరఖాస్తు వేసి, నోటీసులిచ్చి, అవతలివారి జవాబు, అంటే కౌంటరు, దాకా వెళ్లి, అప్పుడు తేదీలు రాయించుకోవాలి. అదేదో మొదట్లోనే రాసుకుంటే?

అందుకని నేను, చెల్లి, ఆమె తరఫు లాయరు కూర్చుని ఆ భాగం తిరగరాశాం. రెండు వాక్యాలు రెండున్నర పేజీలయ్యాయి.

రెండో, నాలుగో శనివారం పొద్దున పదింటికి తండ్రి అమ్మమ్మ ఇంటి దగ్గర పిల్లాణ్ణి తీసుకుంటాడు. మొదటి మూడు నెలలు సాయంత్రం ఆరింటికల్లా వెనక్కి తెచ్చి, ఆదివారం మళ్లీ పది నుంచి నాలుగు దాకా తీసుకెళ్తాడు. ఎందుకంటే ఇద్దరూ విడిగా ఉంటున్న ఏడాదిన్నరలో పిల్లాడు తల్లి లేకుండా ఎక్కడా నిద్రపోలేదు. ఆ తర్వాత నుంచి శనివారం రాత్రి తెనాలిలో నాయనమ్మ ఇంట్లో ఉంచుకుని ఆదివారం సాయంత్రం అయిదింటికి అప్పగిస్తాడు. రాలేకపోతే గురువారం సాయంత్రంలోగా చెప్పాలి. చెప్పకుండా గంట దాటితే ఆ శనివారం పోయినట్టే. పిల్లాడికి ఒంట్లో బాగాలేక ఆగిపోతే మాత్రం తర్వాతి వారం ఇవ్వాలి.

సెలవుల దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు. "దసరా సెలవుల్లో సగం" అని రాసేస్తారు. తెలంగాణ స్కూళ్లకు దసరా సెలవులు ఎక్కువ, ఆంధ్రలో సంక్రాంతికి ఎక్కువ. తండ్రి హైదరాబాదులో కూర్చుని తన లెక్కన సెలవు పెట్టుకుంటే, గుంటూరులో పిల్లాడికి అప్పటికే స్కూలు తెరిచేస్తారు. అందుకని పిల్లాడి స్కూలు క్యాలెండర్ ప్రకారమే అని రాశాం. సంక్రాంతి ఒక ఏడాది తల్లి దగ్గర, ఒక ఏడాది తండ్రి దగ్గర, భోగి నుంచి కనుమ దాకా కలిపి. వేసవిలో మే నెల మొదటి ఇరవై రోజులు హైదరాబాదులో.

ఫోను గురించి కూడా రాశాం. విజిటేషన్‌తో పాటు రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడుకునే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు అంది. దూరంగా ఉన్న తండ్రికో తల్లికో అది హక్కేనంది. రోజూ అంటే మా చెల్లి ఒప్పుకోలేదు. చివరికి మంగళ, గురు, ఆదివారాలు ఏడున్నరకు పావుగంట అని కుదిరింది. పిల్లాడు తండ్రి దగ్గరున్నప్పుడు తల్లికీ అదే. దానికి ఆమె లాయరు చేర్చిన ఒక్క షరతు నాకు భలే నచ్చింది: ఫోను చేతికిచ్చినవారు ఆ గదిలో ఉండకూడదు. వీడియో కాల్‌లో పిల్లాడు మాటిమాటికీ పక్కకు చూస్తుంటే అవతలివాళ్లకు ఎంత మంటగా ఉంటుందో పడ్డవాళ్లకు తెలుసు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. స్కూలు రికార్డుల్లో ఇద్దరి పేర్లూ, ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉండాలి. పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే వెంటనే చెప్పాలి. ఊరో స్కూలో మార్చాలంటే రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. పాస్‌పోర్టు దగ్గర మాత్రం రెండు వారాలు ఆగిపోయాం. తండ్రి రేపు అమెరికా వెళ్తే పిల్లాణ్ణి తీసుకెళ్లి తిరిగి పంపడేమోనని ఈమెకు టెన్షన్. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పిల్లల్ని అపహరించి దేశం దాటించిన కేసుల్లో వాళ్లను వెనక్కి పంపే హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. అటు నుంచి ఇటు వచ్చినా చిక్కే. పిల్లలతో అమెరికా నుంచి హైదరాబాదు వచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కేసు వేసిన ఒక తల్లికి, పిల్లలు మామూలుగా నివసించేది అక్కడే కాబట్టి ఈ కోర్టుకు ఆ కేసు వినే అధికారం లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చి, పిల్లల్ని వెనక్కి పంపమంది. చివరికి పాస్‌పోర్టు తల్లి దగ్గరే ఉండేట్టు, విదేశీ ప్రయాణానికి రెండోవారి రాతపూర్వక అంగీకారం గానీ కోర్టు అనుమతి గానీ ఉండాలన్నట్టు రాశాం.

డబ్బు సంగతి ఒకటుంది. మొదటి డ్రాఫ్టులో ఆయన తరఫువారు చివర్లో ఒక ముక్క తగిలించారు, విజిటేషన్ ఆగితే పోషణ ఖర్చు, అంటే మెయింటెనెన్స్, కూడా ఆగుతుందని. మా చెల్లి కూడా మనసులో దానికి తలకిందుల షరతే పెట్టుకుని ఉంది, డబ్బు పడకపోతే పిల్లాణ్ణి పంపనని. రెండూ కొట్టేయించాం. స్కూలు ఫీజు పిల్లాడిది, తండ్రితో గడిపే శనివారం కూడా పిల్లాడిదే. ఒకటి ఆగిందని రెండోది ఆపేస్తే కోర్టు మెచ్చుకోదు. డబ్బు రాకపోతే దాని వసూలుకు వేరే దారి ఉంది, పిల్లాణ్ణి పంపకపోతే దానికి వేరే దారి ఉంది.

ఇంత చాదస్తం అవసరమా?

ఇది చూసి మా పిన్ని, "ఇదేం రాతే, పిల్లాడా రైల్వే టైం టేబులా?" అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. గంటలు, నిమిషాలు రాసుకుంటే అయిదుంపావుకి తెచ్చాడని గొడవపడేవాళ్లూ ఉంటారు. పిల్లాడికి పదేళ్లొస్తే క్రికెట్ కోచింగ్ శనివారమే ఉండొచ్చు. బతుకు కాగితానికి ఒదగదు.

అయితే ఇద్దరూ సర్దుకుపోగలిగితే ఆ కాగితం బీరువాలోంచి తీయనక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకుని శనివారాన్ని ఆదివారం చేసుకుంటే ఏ కోర్టూ అడ్డుపడదు. అది పనికొచ్చేది సర్దుబాటు చెడిన రోజున. ఆ రోజు ఇద్దరిలో ఒకరి దయ మీద ఇంకొకరు ఆధారపడకుండా ఉండాలి. పిన్నికి ఈ సమాధానం పూర్తిగా నచ్చలేదు. నేనూ పట్టుబట్టలేదు.

ఇంకా బరువైన అభ్యంతరం వేరే ఉంది. నేను చెప్పేదంతా ఇద్దరూ బిడ్డకు హాని చేయనివారైనప్పుడే. కొట్టిన మనిషి, తాగి బండి నడిపే మనిషి, బిడ్డ ముందే తల్లిని చావబాదిన మనిషి విషయంలో తేదీలు పక్కాగా రాయడం పరిష్కారం కాదు, ప్రమాదాన్ని పక్కాగా రాయడమే. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు తాత్కాలికంగా కస్టడీ ఇవ్వొచ్చు, బిడ్డకు హాని ఉందనుకుంటే విజిటేషన్ నిరాకరించనూ వచ్చు. మధ్యదారిగా కోర్టు ఆవరణలోనే, ఎవరో ఒకరి సమక్షంలో కలవమంటారు. పిల్లల కోసం గది ఉన్న చోట కాస్త నయం. లేనిచోట ఆ వరండాలో, ఖైదీలను తీసుకొచ్చే పోలీసుల మధ్య, ఒక బిడ్డ తండ్రి తెచ్చిన బొమ్మ కారు విప్పుకోవడం చూస్తే ఇది ఎవరి సంక్షేమమా అనిపిస్తుంది. అయినా భయం నిజమైన చోట నేను ఆ వరండానే ఎంచుకుంటాను. భయం నిజమో, కక్షతో అల్లిన కథో తేల్చడానికి కోర్టుకు నెలలు పడుతుంది. ఈలోగా ఒక అమాయకుడు బిడ్డకు దూరం కావొచ్చు, లేదా ఒక బిడ్డ దెబ్బ తినొచ్చు. ఈ చిక్కుకు డ్రాఫ్టింగ్‌లో మందు లేదు.

అసలు ఒకరికి కస్టడీ, ఒకరికి విజిటేషన్ అనే పంపకమే తప్పంటారు కొందరు. లా కమిషన్ కూడా 2015లో ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలంది. ఆ సిఫారసు చట్టం కాలేదు. ఒకే ఊళ్లో రెండు ఇళ్లుంటే నాకూ అది నచ్చుతుంది. గుంటూరు, హైదరాబాదుల మధ్య ఒక రెండో తరగతి పిల్లాణ్ణి వారానికొకసారి తిప్పడం ఎలాగో ఎవరైనా చెప్తే వింటాను.

వాడే రానంటే

ఇక నాకు తెగని ప్రశ్న ఒకటుంది. తేదీలున్నాయి, తండ్రి పదింటికే వచ్చాడు, తల్లి బ్యాగు సర్ది ఉంచింది. పిల్లాడు గుమ్మం పట్టుకుని "నేను రాను" అన్నాడు. అప్పుడు?

కోర్టులు పిల్లల మాట వింటాయి. జడ్జిగారు తల్లిదండ్రుల్ని బయట ఉంచి ఛాంబరులో మాట్లాడతారు. 2006లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసులో పన్నెండేళ్ల అమ్మాయి తండ్రి దగ్గర ఉంటానంది. జడ్జిలు ఆమెతో స్వయంగా మాట్లాడి, అది ఆలోచించి చెప్పిన మాటేనని నమ్మి, తండ్రికే ఇచ్చారు. తల్లికి విజిటేషన్ ఇచ్చారు. పన్నెండేళ్ల మాటకీ ఏడేళ్ల మాటకీ ఒకే తూకం ఉండదు. ఏడేళ్లవాడు "నాన్న నాకు ఖర్చులకు ఇవ్వట్లేదు" అన్నాడంటే ఆ మాట ఎవరిదో ఎవరైనా పోల్చుకుంటారు. "నాన్న గట్టిగా అరుస్తాడు, రాత్రి లైటు ఆర్పేస్తాడు" అంటే అది వాడిదే. మొదటి రకానికి కౌన్సెలర్ తల్లితో మాట్లాడాలి, రెండో రకానికి తండ్రితో. ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్లలో మంచివాళ్లు చేసేది ఇదే, కానీ ఒక్కొక్కరి బల్ల మీద ఉన్న ఫైళ్లు చూస్తే ఒక పిల్లాడికి గంట కేటాయించమని అడగడానికి మొహం చెల్లదు.

మా డ్రాఫ్టులో దీనికి చేయగలిగింది కొంతే. పిల్లాడు రానంటే ఆ పూట బలవంతంగా తీసుకెళ్లకూడదని, తండ్రి అదే ఇంట్లోనో దగ్గర్లోని పార్కులోనో రెండు గంటలు వాడితో గడపొచ్చని, వరసగా మూడుసార్లు అలా జరిగితే ఇద్దరూ కలిసి ఒక పిల్లల సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాలని రాశాం. తండ్రి తరఫు లాయరు దీన్ని చదివి, "మేడం, మీరు రానని నేర్పడానికి దారి ఇస్తున్నారు" అన్నాడు. అలా వాడుకునేవాళ్లు ఉంటారు, కాదనను. ఆ భయంతో ఈ క్లాజు తీసేస్తే ఏడుస్తున్న పిల్లాణ్ణి కార్లో ఎక్కించడమే మిగులుతుంది. సైకాలజిస్టు షరతు ఉన్నది నేర్పించిన మాట అక్కడ బయటపడుతుందనే అని ఆయనకు చెప్పాను. మూడుసార్లను రెండుసార్లు చేస్తే ఒప్పుకుంటానన్నాడు. చేశాం. ఆ మార్పుతోనే డ్రాఫ్టు కోర్టుకు వెళ్లింది.